అలమరలో బూజు: ఆ నీళ్లు ఎక్కడివో ముందు తేల్చుకోండి

ప్రశ్న: విజయవాడ భవానీపురంలో గ్రౌండ్ ఫ్లోర్ ఇల్లు మాది. బెడ్‌రూమ్ గోడ అలమరలో మావారి తెల్ల చొక్కాల మీద నల్ల చుక్కలు, పట్టుచీర మడతల్లో తెల్లగా బూజు, తోలు బ్యాగు మీద కూడా అదే. కలరా ఉండలు వేశాను, షూ డబ్బాల్లో వచ్చే సిలికా పొట్లాలు పెట్టాను, రోజూ పొద్దున్నే తలుపులు తీసి గాలి ఆడనిస్తున్నాను. అయినా ప్రతి వర్షాకాలం ఇదే గోల. ఇంకేం చేయాలి?

జవాబు:

అమ్మా, ముందు ఆ కలరా ఉండలు తీసి బయట పడేయండి. అవి పురుగుని ఆపుతాయి, బూజుని ఆపవు. పైగా ఇంట్లో పసిపిల్లలుంటే ప్రమాదం కూడా. జి6పిడి అనే ఎంజైము లోపం పుట్టుకతోనే ఉన్న పిల్లలకి ఆ ఘాటు పట్టిన బట్టలు వేస్తే ఎర్ర రక్తకణాలు విరిగిపోయి కామెర్లు రావచ్చు. ఆ లోపం ఉందో లేదో చాలామంది ఇళ్లలో తెలియనే తెలియదు.

గవర్నరుపేటలో పాతికేళ్లుగా డ్రైక్లీనింగ్ కొట్టు నడుపుతున్నాను. ఆగస్టు వచ్చిందంటే బూజు మూటలు వస్తూనే ఉంటాయి, కార్తీకం దాటేదాకా ఆగవు. అందరూ ఒకే మాట అడుగుతారు, "అలమరలో ఏం పెట్టాలండీ?" అని. ఏం పెట్టాలి అన్నది తర్వాత. అలమరలోకి నీళ్లు ఎటు నుంచి వస్తున్నాయో తెలియకుండా ఏం పెట్టినా డబ్బు దండగ.

బూజుకి నీళ్లు కారనక్కర్లేదు. గాలిలో తేమ 65 శాతం లోపుంటే అది పెరగదు, 70 దాటితే మెల్లగా మొదలవుతుంది, 80 దాటిన చోట కొద్ది రోజుల నుంచి ఒకట్రెండు వారాల్లో కంటికి కనపడుతుంది. అందుకని ముందు ఒక తేమ మీటరు కొనండి, చిన్న డిజిటల్‌ది మూడు నాలుగు వందల్లో దొరుకుతుంది. చవక మీటర్లు ఐదారు అంకెలు తప్పు చూపిస్తాయి కాబట్టి ఇంట్లోనే సరిచూసుకోవచ్చు. సీసా మూతలో రెండు చెంచాల ఉప్పు వేసి, ముద్దలా తడిసేంత నీళ్లు చల్లి, ఆ మూతనీ మీటరునీ కలిపి గాలి చొరని జిప్ కవర్లో పెట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున్నకి 75 చూపించాలి. 80 చూపిస్తే మీ మీటరు ఐదు ఎక్కువ చెబుతోందని లెక్క, ఇకపై ఆ ఐదు తీసేసి చదువుకోండి.

ఇప్పుడు దాన్ని మూడు చోట్ల, ఒక్కోచోట ఒక రోజు చొప్పున పెట్టండి: గదిలో మంచం పక్కన, అలమర పై అరలో, అలమర కింద అరలో వెనక మూలన. గదిలో 72 ఉండి అలమరలో కూడా అటూ ఇటూగా అంతే ఉంటే తప్పు వాతావరణానిది. గదిలో 72 ఉండి అలమర వెనక మూలన 85 ఉంటే గోడ నీళ్లు పంపిస్తోంది. ఈ రెండింటికీ మందు వేరు.

సిలికా పొట్లాల సంగతి ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకు పనిచేయలేదో లెక్క వేస్తే తెలిసిపోతుంది. మీ అలమర లోపలి ఖాళీ ఒక ఘనమీటరు అనుకోండి. మన వర్షాకాలం వేడిలో అంత గాలిలో ఉండే నీరు మొత్తం కలిపి పాతిక గ్రాములు, అంటే ఐదు చెంచాలు. దాన్ని 80 నుంచి 60కి దించాలంటే ఆరేడు గ్రాములు తీస్తే చాలు. వినడానికి తేలికే. కానీ అలమరలో ఇరవై కిలోల నూలు బట్టలుంటే, చేత్తో పట్టుకుంటే పొడిగా అనిపించే ఆ బట్టల్లోనే సుమారు రెండు కిలోల నీరు దాగి ఉంటుంది. తేమ 80 నుంచి 60కి రావాలంటే బట్టలు దానిలో అర కిలోకి పైగా వదలాలి. షూ డబ్బాలో వచ్చే పొట్లం ఒకటి రెండు గ్రాములుంటుంది, బాగా పీల్చినా అర గ్రాము పీలుస్తుందేమో. పది పొట్లాలు పెట్టినా చెరువుని చెంచాతో తోడినట్టే. పైగా అలమర తలుపు సందుల్లోంచి కొత్త తేమ వస్తూనే ఉంటుంది.

గుంటూరు వాళ్లకైతే ఇది మిరప బస్తాతో చెబుతాను, వెంటనే అర్థమవుతుంది. కాయ కల్లంలో సరిగ్గా ఎండకుండా బస్తాకెత్తితే గోడౌను ఎంత బాగున్నా లోపల తెల్లగా బూజు పడుతుంది. అందుకే కొనేవాడు కాయని చెవి దగ్గర ఆడించి గింజ గలగలమంటోందా అని వింటాడు. బట్టల సంగతి కూడా అంతే, బస్తాకెత్తే రోజు ఎంత తడి ఉందన్నదే ముఖ్యం.

ముందు గోడ సంగతి తేల్చండి. అలమర వెనక గోడకి అవతల ఏముందో చూడండి. బాత్‌రూమా, బయటి గోడా, పక్కింటి గోడా? వెనక ప్లైవుడ్, సన్‌మైకా కొట్టించి ఉంటే లోపల చెమ్మ ఉన్నా కనపడదు, ఒక మూల చెక్క ఊడదీసి చూడాల్సిందే. అప్పుడు గోడ మీద అడుగు పొడవు అడుగు వెడల్పు మందపాటి పాలిథిన్ షీటు పెట్టి నాలుగు వైపులా గట్టి టేపు వేసి రెండు రోజులు వదిలేయండి. షీటు లోపలి వైపు, అంటే గోడకి ఆనుకున్న వైపు నీటి బిందువులు పడితే నీళ్లు గోడలోంచి వస్తున్నాయి. బయటి వైపు పడితే గదిలో గాలి చల్లటి గోడని తగిలి చెమరుస్తోంది. రెండువైపులా పొడిగా ఉంటే గోడని అనుమానించడం మానేసి బట్టల మీదకి రండి.

సత్యనారాయణపురంలో మా పాత ఖాతాదారుల ఇంట్లో జరిగింది చెబుతాను, ఆయన ప్రతి ఏడూ నా దగ్గరికి అవే చొక్కాలు తెచ్చేవాడు. అలమర లోపల వాటర్‌ప్రూఫ్ పెయింట్ రెండుసార్లు వేయించాడు, రెండుసార్లూ పొక్కులెక్కి పెచ్చులూడింది. మూడో ఏడు నేనే మీటరు పట్టుకెళ్లాను. గదిలో 71, పై అరలో 76, కింద అర వెనక మూలన 88. షీటు అతికిస్తే ఒక్క రాత్రికే గోడవైపు బిందువులు. గోడకి అవతల బాత్‌రూమ్, సరిగ్గా ఆ ఎత్తులోనే కొళాయి. గోడలో దాచిన పైపు మలుపు దగ్గర సన్నటి లీకు, బయటికి కారేంత పెద్దది కాదు, గోడ తాగేంత చిన్నది. ప్లంబర్‌తో టైలు పగలగొట్టించి మలుపు మార్చాక కూడా ఆయనకి ఓపిక పట్టమని చెప్పాల్సి వచ్చింది, ఎందుకంటే తాగిన ఇటుక గోడ వారంలో ఆరదు. పెయింట్ గీకించి, అలమర ఖాళీ చేసి, తలుపులు తీసి ఫ్యాను పెట్టి ఉంచితే ఆ మూల 70 కిందికి రావడానికి రెండు నెలలు పైనే పట్టింది. అప్పుడు మళ్లీ పెయింట్ వేయించాడు, అది నిలిచింది. తడి గోడ మీద పెయింట్ వేస్తే వెనక నీరు దాన్ని తోసేస్తుంది, లోపం పెయింట్‌ది కాదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్లు మునిగినప్పుడు కూడా ఇదే చూశాను. నీళ్లు తీశాక పైకి పొడిగా కనిపించిన గోడల్లో నెలల తరబడి చెమ్మ ఉండిపోయింది, తొందరపడి బట్టలు సర్దిన వాళ్లు మళ్లీ మూటలతో వచ్చారు.

గోడ బాగుచేసేదాకా ఆగలేకపోతే, కనీసం బట్టలు గోడకి తగలకుండా రెండంగుళాలు ముందుకి జరిపి పెట్టండి. వెనక గాలి కదలాలి. చెక్క అరలకి వెనకవైపు సందు లేకపోతే కోయించండి. కింద అర ఖాళీగా ఉంచుకుంటే ఇంకా మంచిది.

ఇక గోడ తప్పు లేకపోతే మిగిలింది గాలి, బట్టలు. మీరు పొద్దున్నే తలుపులు తీస్తున్నానన్నారు కదా, అదే చాలామంది చేసే పొరపాటు. వర్షాకాలంలో పొద్దున బయట తేమ తొంభై దాకా ఉంటుంది, అలాంటప్పుడు తలుపు తీయడమంటే అలమరకి తేమ పోయడమే. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు మధ్య, వాన లేని రోజున, అప్పుడు కూడా మీటరు గదిలో చూపించే అంకె అలమరలో దానికంటే తక్కువ ఉంటేనే తీయండి. లేకపోతే గట్టిగా మూసి ఉంచడమే మేలు.

ఏసీ ఉంటే పని తేలిక. వారానికి రెండుసార్లు ఏసీ 26లో పెట్టి, డ్రై మోడ్ ఉంటే అది వేసి, కిటికీలు మూసి, అలమర తలుపులు బార్లా తీసి, బట్టల దొంతరలు కొంచెం ఎడంగా జరిపి, ఫ్యాను కూడా వేసి రెండు మూడు గంటలు వదిలేయండి. గదిలో తేమ 55, 60కి వస్తుంది, బట్టలు మెల్లగా వదులుతాయి. మొదటి నెల గట్టిగా చేస్తే తేడా తెలుస్తుంది. ఏసీ ఆపే ముందు తలుపు మూసేయండి, ఇది మరిచిపోవద్దు. మన వర్షాకాలపు గాలి సుమారు 25 డిగ్రీలకి చల్లబడితే చాలు, నీళ్లు వదిలేస్తుంది. రాత్రంతా 20లో ఏసీ వేసి పొద్దున్నే కిటికీ తీసేవాళ్లుంటారు కదా, వాళ్ల అలమరలోని చల్లటి బట్టల మీద ఆ గాలి వెళ్లి కూర్చుంటుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసా చెమర్చినట్టే, కాకపోతే బట్ట పీల్చేస్తుంది కాబట్టి మనకి కనపడదు.

బట్టలు లోపల పెట్టేటప్పుడు నేను మూడు విషయాలే చూస్తాను. ఒకటి, ఇస్త్రీ పెట్టె కిందనుంచి తీసిన చొక్కా వేడిగా, ఆవిరితో ఉంటుంది. దాన్ని వెంటనే దొంతర పెట్టకుండా గంటసేపు హ్యాంగరుకి వేలాడదీయండి. రెండు, గంజి. గంజి అంటే పిండి, పిండి అంటే బూజుకి అన్నం. పంచెలు, తెల్ల చొక్కాలు నెలల తరబడి దాచేటప్పుడు గంజి లేకుండా ఉతికి దాచండి, కట్టుకునే ముందు పెట్టుకోండి. పట్టుచీరల రోలింగ్ పాలిష్ కూడా ఇలాంటిదే. చాలా చోట్ల అందులో గంజో జిగురో వేస్తారు. పెళ్లి అయిపోయాక పాలిష్ చేయించి బీరువాలో పెట్టడం మనవాళ్ల అలవాటు. మా వ్యాపారానికి మంచిదే అనుకోండి, కానీ చీరకి మంచిది కాదు. కట్టిన చీరని ముందు గాలికి ఆరేసి, చెమట మరకలు శుభ్రం చేయించి పాలిష్ లేకుండా దాచి, మళ్లీ కట్టే వారం ముందు పాలిష్‌కి ఇవ్వండి. మూడు, మేము ఇచ్చే పాలిథిన్ కవరు. అది మా కొట్టు నుంచి మీ ఇంటిదాకా దుమ్ము పడకుండా మాత్రమే. ఇంటికి రాగానే తీసేసి, ఉతికిన పాత తెల్ల పంచెలో చుట్టండి. రెండు మూడు నెలలకోసారి మడత మార్చండి, వేరే చోట మడత వేస్తే చాలు.

పెద్ద పని మాత్రం మృగశిర రాకముందే. రోహిణి ఎండల్లో మధ్యాహ్నం మన దగ్గర గాలిలో తేమ బాగా పడిపోతుంది. ఆ రోజుల్లో అలమర మొత్తం ఖాళీ చేసి, నూలు బట్టలు ఎండలో, పట్టు మాత్రం నీడలో గాలి తగిలేలా వేసి సాయంత్రం చల్లబడ్డాక సర్దండి. చినుకు పడ్డాక చేసే పని దీనికి సగం కూడా సాటి రాదు.

ఇక ఇప్పటికే పడిపోయిన మచ్చల సంగతి. ముందు మూతికి గుడ్డ కట్టుకుని బట్టల్ని డాబా మీదకో వీధి వైపుకో తీసుకెళ్లి పొడి బ్రష్‌తో దులపండి, గదిలో దులిపితే ఆ బీజాలు మిగతా వాటి మీదే పడతాయి. తెల్ల నూలు చొక్కాలైతే సోడియం పర్‌కార్బొనేట్ అనే ఆక్సిజన్ బ్లీచ్ పొడి, పాకెట్ మీద చెప్పిన కొలతలో, చెయ్యి పట్టగలిగేంత వేడినీళ్లలో కలిపి రెండు గంటలు నానబెట్టి ఉతకండి. కొత్త మచ్చలు చాలావరకు పోతాయి. ఏడాది దాటిన నల్ల చుక్కలు లేతబడతాయి కానీ పూర్తిగా పోవు. బూజు వదిలిన రంగు దారం లోపలికి దిగిపోతుంది, ఒక్కోచోట దారమే పలచబడి ఉంటుంది. వెలుతురుకి పట్టి చూడండి, చుక్క దగ్గర వెలుగు ఎక్కువ కనిపిస్తే రుద్దడం ఆపేయండి, చిల్లు పడుతుంది. పట్టుకీ ఉన్నికీ క్లోరిన్ బ్లీచ్ దగ్గరకి రానివ్వద్దు, ఆ దారాన్నే కరిగించేస్తుంది. ఆ బ్లీచ్‌ని టాయిలెట్ క్లీనర్ లాంటి ఆమ్లంతో కలిపితే విషవాయువు వస్తుంది, అది వేరే సంగతి. పట్టు మీద తెల్ల బూజు మాత్రమే ఉంటే నీడలో ఆరబెట్టి మెత్తటి బ్రష్‌తో మడత పొడవునా దులిపితే పోతుంది. రంగు మారిన మచ్చ ఉంటే ఇంట్లో ఏదీ ప్రయత్నించకుండా తెచ్చి ఇవ్వండి. తడిగుడ్డతో తుడిచి తెచ్చిన చీరలే మాకు ఎక్కువ తలనొప్పి, మచ్చ చుట్టూ నీటి గీత పడిపోయి ఉంటుంది.

తోలు బ్యాగు మీద తెల్లగా ఉన్నదంతా బూజే అనుకోకండి. తోలు పదునుచేసేటప్పుడు పట్టించిన కొవ్వు కొన్నాళ్లకి పైకి తేలి తెల్లటి పొడిలా కనిపిస్తుంది. తేడా తెలుసుకోవడానికి హెయిర్ డ్రయ్యర్ వేడిగాలి జానెడు దూరం నుంచి పది సెకన్లు తగలనివ్వండి. కరిగి మాయమైతే కొవ్వు, మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలు. అలాగే ఉంటే, దగ్గరగా చూస్తే నూగులా కనిపిస్తే, ముక్కిపోయిన వాసన కొడితే బూజు.

బూజైతే బయట పొడి బ్రష్‌తో దులిపి, సర్జికల్ స్పిరిట్, నీళ్లు సమంగా కలిపి గుడ్డని అందులో తడిపి గట్టిగా పిండి, ముందు బ్యాగు అడుగున ఎవరికీ కనపడని చోట రుద్ది రంగు గుడ్డకి అంటుతోందేమో చూడండి. అంటకపోతే మొత్తం ఒక్కసారి తుడవండి, కుట్ల సందులు, లోపలి అరలు కూడా. తర్వాత ఎండలో కాదు, ఫ్యాను కింద నీడలో ఒక రోజంతా. ఎండలో పెడితే తోలు బిగుసుకుని పగుళ్లు వస్తాయి. పూర్తిగా ఆరాకే తోలుకి వాడే క్రీము, గోరంత తీసుకుని పలచగా. మన ఇళ్లలో కొబ్బరినూనె రాస్తారు, మెరుపు వస్తుంది, నిజమే, కానీ అది తోలులోకి ఇంకి నల్లబరుస్తుంది, కొన్నాళ్లకి కనరు వాసన వస్తుంది, దుమ్ముని పట్టుకుంటుంది, బూజుకి మళ్లీ వేదిక. స్వెడ్ లాంటి నూగు తోలుకి తడి ఏదీ వద్దు, బ్రష్ మాత్రమే.

సిలికా పనికొచ్చేది ఇక్కడ. బిగుతు మూత ఉన్న పెద్ద స్టీలు డబ్బాలో, పూర్తిగా ఆరిన బ్యాగుని గుడ్డలో చుట్టి, లోపల పాత బనియను కుక్కి, పావు కిలో నారింజ రంగు సిలికా గింజలు గుడ్డసంచిలో కట్టి పెట్టండి. బయటి తేమ చొరలేదు, లోపల ఉన్నది తక్కువ, కాబట్టి సిలికాకి ఆ పని చేతనవుతుంది. గింజలు రంగు మారాక ఎండలో పెడితే సరిగ్గా ఆరవు, ఓవెన్‌లో 110, 120 డిగ్రీల దగ్గర గంటన్నర ఉంచాలి. వంటకి వాడే గిన్నెలో మాత్రం వద్దు. మార్కెట్లో తేమ పీల్చే డబ్బాలు కూడా అమ్ముతారు, అందులో ఉండే కాల్షియం క్లోరైడ్ గట్టిగా పీల్చి కింద నీళ్లు చేస్తుంది. చిన్న, బాగా మూసుకునే అలమరకి పరవాలేదు, కానీ ఆ నీళ్లు ఒలికాయంటే తోలు ముడుచుకుపోతుంది, ఆ మచ్చ ఎవరూ తీయలేరు. కింద అర నేల మీద నిలకడగా, తోలు వస్తువులకి దూరంగా పెట్టండి.

మీ బ్యాగు నిజమైన తోలేనా అన్నది కూడా చూసుకోండి. పైపొర బొబ్బలెక్కి పొరలు పొరలుగా ఊడుతూ, కింద గుడ్డ నేత కనిపిస్తోందంటే అది రెగ్జిన్ లాంటి పాలియురేథేన్. తేమకి ఆ పొరే కుళ్లిపోతుంది. దానికి స్పిరిట్ రాసినా, క్రీము రాసినా, నా దగ్గరికి తెచ్చినా లాభం లేదు.